వేవ్‌గైడ్‌లో రెండు వేగాలు: కాంతిని మించిన లెక్క వచ్చినా ఐన్‌స్టీన్ మాట ఎందుకు నిలిచింది?

విద్యార్థులకు, తల్లిదండ్రులకు:

ప్లస్ టూ ముగించి ఇంజనీరింగుకో, బి.ఎస్‌సి. ఫిజిక్సుకో వెళ్ళిన పిల్లలు మైక్రోవేవ్ ప్రయోగశాలలో ఒక లెక్క దగ్గర తప్పకుండా ఆగుతారు. ఇత్తడి గొట్టంలో పోయే తరంగం పొడవు కొలిచి, దాన్ని పౌనఃపున్యంతో గుణిస్తే, వేగం సెకనుకు 39.7 కోట్ల మీటర్లని వస్తుంది. శూన్యంలో కాంతి వేగం 29.98 కోట్ల మీటర్లే కదా! కాంతిని మించి ఏదీ పోదని పాఠంలో చదివాం. మరి ఈ గొట్టంలో ఏం జరుగుతోంది?

ఇక్కడ కొందరు "నా కొలత తప్పు" అనుకుని రికార్డు పుస్తకంలో అంకె మార్చేస్తారు. ఇంకొందరు "ఐన్‌స్టీన్ తప్పు" అని స్నేహితులతో చెప్పేస్తారు. నిజానికి కొలతా సరైనదే, ఐన్‌స్టీనూ సరైనవాడే. తేడా అంతా "వేగం" అనే మాటలో ఉంది. తరంగానికి వేగం అంటే ఒకటి కాదు, రెండు. ఆ రెండూ ఏమిటో, ఏది దేనిని మోసుకుపోతుందో ఒకే ఒక గొట్టం తీసుకుని చూద్దాం. పదో తరగతి పైథాగరస్ సిద్ధాంతం తెలిస్తే చాలు.

గొట్టం, కొలత

వేవ్‌గైడ్ అంటే లోపల బోలుగా ఉండే లోహపు గొట్టం. మధ్యలో తీగ ఏమీ ఉండదు. రాడార్లలో, కాలేజీ ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేది దీర్ఘచతురస్రాకారపు గొట్టం. దాని పేరు డబ్ల్యూఆర్-90. లోపలి వెడల్పు 22.86 మి.మీ., ఎత్తు 10.16 మి.మీ. సుమారుగా అగ్గిపెట్టె గూడులా ఉంటుందనుకోండి, కాకపోతే చాలా పొడుగు. దీనిలోకి ఒక చివర నుంచి 10 గిగాహెర్ట్జ్ తరంగాన్ని, అంటే సెకనుకు వెయ్యి కోట్ల సార్లు ఊగే తరంగాన్ని పంపుతాం. దాన్ని పుట్టించేది క్లైస్ట్రాన్ గొట్టం గానీ, గన్ డయోడ్ గానీ.

తరంగం పొడవు కొలవడానికి గొట్టం రెండో చివర లోహపు పలకతో మూసేస్తారు. వెళ్ళిన తరంగం దానికి తగిలి వెనక్కి వస్తుంది. వెళ్ళేదీ వచ్చేదీ కలిసి స్థిర తరంగం ఏర్పడుతుంది. గొట్టం పై ముఖాన నడిమధ్యగా, పొడవునా ఒక సన్నటి చీలిక ఉంటుంది. ఆ చీలికలోంచి ఒక చిన్న సూదిని లోపలికి దించి, వెర్నియర్ స్కేలు మీద ముందుకీ వెనక్కీ జరుపుతారు. సూదికి తగిలించిన మీటరు కొన్నిచోట్ల బాగా లేస్తుంది, కొన్నిచోట్ల దాదాపు సున్నాకి పడిపోతుంది. పడిపోయే చోట్లు సూటిగా, స్పష్టంగా తెలుస్తాయి కాబట్టి వాటినే రాసుకుంటాం.

ఉదాహరణకి స్కేలు మీద ఆ చోట్లు 61.2, 81.1, 100.9, 120.8 మి.మీ. అనుకుందాం. మొదటిదానికీ నాలుగోదానికీ దూరం 59.6 మి.మీ. అందులో మూడు ఖాళీలు ఉన్నాయి గనుక ఒక్కో ఖాళీ 19.87 మి.మీ. స్థిర తరంగంలో ఒక ఖాళీ అంటే సగం తరంగదైర్ఘ్యం. కాబట్టి గొట్టంలో పూర్తి తరంగదైర్ఘ్యం 39.7 మి.మీ. అదే తరంగం బయట గాలిలో ఉంటే తరంగదైర్ఘ్యం 29.98 మి.మీ. మాత్రమే. గొట్టంలో తరంగం సాగింది! 39.7 మి.మీ.ని వెయ్యి కోట్లతో గుణిస్తే సెకనుకు 39.7 కోట్ల మీటర్లు. అంటే కాంతి వేగానికి 1.32 రెట్లు. మనల్ని ఆపేసిన అంకె ఇదే. దీని పేరు దశా వేగం. కాలేజీలో ఫేజ్ వెలాసిటీ అంటారు.

తరంగం ఎందుకు సాగింది?

లోహపు గోడని ఆనుకుని, గోడ వెంబడి విద్యుత్ క్షేత్రం నిలవదు. నిలవబోతే లోహంలోని ఎలక్ట్రాన్లు వెంటనే కదిలి దాన్ని రద్దు చేసేస్తాయి. అందుచేత వెడల్పులో ఈ చివరి గోడ దగ్గరా, ఆ చివరి గోడ దగ్గరా క్షేత్రం సున్నా కావాలి, మధ్యలో గరిష్ఠంగా ఉండాలి. రెండు చివర్లా బిగించిన వీణ తీగ ఊగినట్టన్నమాట. అంటే వెడల్పులో సరిగ్గా అర తరంగం పట్టాలి.

ఇది ఎలా కుదురుతుంది? తరంగం గొట్టంలో తిన్నగా పోకుండా, ఈ గోడకి తగిలి ఆ గోడకి, ఆ గోడకి తగిలి ఈ గోడకి వంకరటింకరగా పోతే కుదురుతుంది. అప్పుడు దాని నడకలో కొంత భాగం వెడల్పు వైపు ఖర్చవుతుంది, మిగిలిందే పొడవు వైపు. ఈ జమాఖర్చు పైథాగరస్ లెక్కే:

(1/λ0)² = (1/λg)² + (1/2a)²

ఇక్కడ λ0 బయటి తరంగదైర్ఘ్యం, λg గొట్టంలోని తరంగదైర్ఘ్యం, a గొట్టం లోపలి వెడల్పు. ఒక మీటరులో ఎన్ని తరంగాలు పడతాయో చూస్తే సులువుగా అర్థమవుతుంది. బయట మీటరుకి 33.36 తరంగాలు. వెడల్పు వైపు ఖర్చు మీటరుకి 21.87. రెండింటినీ వర్గాలు చేసి తీసివేసి వర్గమూలం కడితే 25.19 వస్తుంది. అంటే పొడవు వైపు మీటరుకి 25.19 తరంగాలే. ఒక్కోటి 39.7 మి.మీ. సూదితో కొలిచినదీ ఇదే. కొలత తప్పు కాదని ఇక్కడే తేలిపోయింది. రికార్డులో అంకె మార్చకండి.

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. వెడల్పు వైపు ఖర్చు ఎప్పుడూ 21.87 దగ్గర మారకుండా ఉంటుంది. ఎందుకంటే గొట్టం వెడల్పు మారదు. పౌనఃపున్యం తగ్గించుకుంటూ పోతే మొత్తం జమ తగ్గుతుంది. 6.557 గిగాహెర్ట్జ్ దగ్గర జమ అంతా వెడల్పుకే సరిపోయి, పొడవుకి సున్నా మిగులుతుంది. దీన్ని కట్-ఆఫ్ పౌనఃపున్యం అంటారు. అంతకన్నా తక్కువైతే తరంగం గొట్టంలో ముందుకు సాగదు, ద్వారం దగ్గరే క్షీణించిపోతుంది.

ఒడ్డు వెంట పరిగెత్తే నురుగు

ఇప్పుడు దశా వేగం అసలు దేని వేగం? గోపాలపూర్ ఒడ్డున నిలబడి అలలు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. అల ఒడ్డుకి సమానంగా కాకుండా కొంచెం వాలుగా వచ్చిందనుకోండి. మొదట ఒక చివర ఒడ్డుని తాకుతుంది, తర్వాత దాని పక్క భాగం, ఆ తర్వాత దాని పక్కది. అల ఒడ్డుని తాకే చోట తెల్లటి నురుగు ఇసుక వెంబడి పరిగెత్తుతున్నట్టు కనిపిస్తుంది. అల సెకనుకు 3 మీటర్ల వేగంతో, ఒడ్డు రేఖకి 60 డిగ్రీల కోణంలో వస్తే, ఆ తాకే చోటు ఒడ్డు వెంట సెకనుకు 6 మీటర్ల వేగంతో పోతుంది. అల ఇంకా నిటారుగా, ఒడ్డుకి ఎదురుగా వస్తే ఆ పరుగు ఇంకా పెరుగుతుంది. పూర్తిగా ఎదురుగా వస్తే ఒడ్డంతా ఒకేసారి తాకుతుంది. అప్పుడు తాకే చోటు వేగం అనంతం అనాలి. కానీ ఒడ్డు వెంట ఏ నీటిబొట్టూ ఆ వేగంతో పరిగెత్తలేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి ఏదీ ప్రయాణం చేయలేదు. వేరువేరు నీళ్ళు వేరువేరు చోట్ల, కొద్ది తేడాతో ఒడ్డుకి వచ్చాయి. అంతే.

గొట్టంలోనూ ఇదే జరుగుతోంది. మన 10 గిగాహెర్ట్జ్ తరంగం గొట్టం పొడవుకి 41 డిగ్రీల కోణంలో, కాంతి వేగంతోనే గోడల మధ్య తగులుకుంటూ పోతోంది. దాని శృంగం గోడని తాకే చోటు మాత్రం గోడ వెంబడి 1.32 రెట్ల వేగంతో పరిగెత్తుతోంది. సూదితో మనం కొలిచింది ఆ శృంగాల మధ్య దూరాన్నే. కాబట్టి వచ్చింది తాకే చోటు వేగం. శక్తి వేగం కాదు.

శక్తి సంగతి చూడండి. 41 డిగ్రీల వంకర దారిలో పోతే 3 మీటర్ల గొట్టం దాటడానికి నిజంగా 3.97 మీటర్లు నడవాలి. కాంతి వేగంతో నడిచినా, గొట్టం పొడవు వైపు ముందడుగు కాంతి వేగంలో 0.755 వంతే. సెకనుకు 22.6 కోట్ల మీటర్లు. ఇది రెండో వేగం. పేరు సమూహ వేగం, కాలేజీ మాటలో గ్రూప్ వెలాసిటీ. తాకే చోటు ఎంత కోణంవల్ల ముందుకు దూకుతుందో, శక్తి సరిగ్గా అదే కోణంవల్ల వెనకబడుతుంది. అందుకే ఈ గొట్టంలో రెండు వేగాలకీ విడదీయరాని లంకె ఉంది:

vp × vg = c²

1.3245ని 0.755తో గుణించి చూడండి, 1 వస్తుంది. ఒకటి కాంతిని ఎన్ని రెట్లు మించితే, రెండోది అన్ని రెట్లు తగ్గుతుంది.

కబురు మోసేది ఏది?

"సరే, శక్తి నెమ్మదిగా పోతే పోయింది, ఆ వేగంగా పరిగెత్తే శృంగాల మీద ఎక్కించి కబురు పంపలేమా?" అని తెలివైన పిల్ల అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే.

గొట్టంలో ఒకే పౌనఃపున్యం, ఒకే ఎత్తు గల తరంగం ఎప్పటినుంచో ఆగకుండా పోతోందనుకోండి. అవతలి చివర కూర్చున్న మనిషికి తర్వాతి శృంగం ఎప్పుడొస్తుందో ముందే తెలుసు. వచ్చిన శృంగం అతనికి కొత్తగా చెప్పేది ఏమీ లేదు. రోజూ ఆరింటికి మోగే గంట ఈరోజూ ఆరింటికి మోగితే అందులో వార్త ఏముంది? వార్త కావాలంటే ఏదో ఒకటి మారాలి. తరంగాన్ని ఆపాలి, లేదా పెంచాలి, తగ్గించాలి. అలా మార్చిన క్షణం నుంచి అది ఒకే పౌనఃపున్యపు తరంగం కాదు. దగ్గర దగ్గర పౌనఃపున్యాలు కలిసిన గుంపు అవుతుంది. సమూహ వేగం అనే పేరు అందుకే వచ్చింది.

అతి చిన్న గుంపు రెండు తరంగాలది. ఒకటి 9.9, రెండోది 10.1 గిగాహెర్ట్జ్. రెండింటినీ కలిపి గొట్టంలోకి పంపుదాం. రెండూ కలిసి ఊగే చోట తరంగం ఉబ్బుతుంది, ఎదురుబొదురుగా ఊగే చోట అణిగిపోతుంది. వీణ శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు కొంచెం తేడాగా ఉంటే "వావ్… వావ్…" అని వినబడే విస్పందనాలు ఇవే. ఇక్కడ ఆ ఉబ్బు ఎంత వేగంగా పోతుందో పైన చెప్పిన పైథాగరస్ లెక్కతోనే చూడొచ్చు.

9.9 గిగాహెర్ట్జ్‌కి గొట్టంలో మీటరుకి 24.74 తరంగాలు పడతాయి. 10.1కి 25.62 పడతాయి. తేడా 0.88. అంటే ఒక ఉబ్బు నుంచి తర్వాతి ఉబ్బుకి దూరం, 1ని 0.88తో భాగిస్తే, సుమారు 1.13 మీటర్లు. పౌనఃపున్యాల తేడా 0.2 గిగాహెర్ట్జ్. అంటే ఒక చోట నిలబడితే సెకనుకి 20 కోట్ల ఉబ్బులు దాటిపోతాయి. 1.13ని 20 కోట్లతో గుణిస్తే సెకనుకు 22.6 కోట్ల మీటర్లు. వంకర దారి లెక్కలో శక్తికి వచ్చిన వేగమే ఇది! రెండు వేరువేరు దారుల్లో వెళ్ళినా ఒకే అంకె దగ్గరికి చేరాం.

ఈ ఉబ్బు లోపలికి తొంగి చూస్తే ఏం కనిపిస్తుంది? లోపల చిన్న చిన్న శృంగాలు ఉబ్బుకన్నా వేగంగా ముందుకు పోతూ ఉంటాయి. ఉబ్బు వెనక అంచులో ఒక శృంగం పుడుతుంది, ముందుకు పాకుతూ మధ్యకి వచ్చేసరికి ఎత్తుగా ఎదుగుతుంది, ముందు అంచుకి చేరేసరికి చిన్నదై మాయమవుతుంది. ఉబ్బుని దాటి బయటికి వెళ్ళే శృంగం ఒక్కటీ ఉండదు. కబురు మోసేది ఉబ్బు. దాన్ని దాటి ముందుకెళ్ళి కబురు చెప్పే శక్తి శృంగానికి లేదు.

మూడు మీటర్ల గొట్టం మీద పందెం

ఇప్పుడు 3 మీటర్ల గొట్టం తీసుకుందాం. పక్కనే ఖాళీ గాలిలో ఒక కాంతి మెరుపుని, గొట్టంలో ఒక మైక్రోవేవ్ తునకని ఒకేసారి వదులుదాం. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు అని గుర్తుంచుకోండి. బయటి కాంతి 10 నానోసెకన్లలో చేరుతుంది. గొట్టంలోని తునక 13.25 నానోసెకన్లకి చేరుతుంది. అంటే 3.25 నానోసెకన్లు ఆలస్యం. దశా వేగాన్ని కబురు వేగమని పొరపడితే 7.55 నానోసెకన్లకే చేరాలి. ఓసిల్లోస్కోప్ పెట్టి చూస్తే ఆ సమయానికి అవతలి చివర ఏమీ ఉండదు. రెండు వేగాల్లో ఏది నిజంగా ప్రయాణిస్తుందో తేల్చుకోవడానికి ఇదే గీటురాయి. నిలకడ తరంగాన్ని సూదితో కొలిస్తే దశా వేగం దొరుకుతుంది. తునకని పంపి గడియారంతో కొలిస్తే సమూహ వేగం దొరుకుతుంది. ఒక ప్రయోగం రెండో దానికి జవాబు చెప్పదు.

మొదటి అంచు మాట

పట్టుదల గల విద్యార్థి ఇంకో అడుగు ముందుకేస్తాడు. "స్విచ్ వేసిన మొదటి క్షణం సంగతేమిటి? అంతకుముందు గొట్టం ఖాళీ. ఆ మొట్టమొదటి కదలిక ఎప్పుడు చేరుతుంది?"

గొట్టం లోపల ఉన్నది గాలి మాత్రమే. గోడల మధ్య ప్రతి కదలికా కాంతి వేగంతోనే పోతుంది. వంకరగా పోయేది ఆలస్యంగా చేరుతుంది, తిన్నగా పోయేది ముందు చేరుతుంది. తిన్నదారి కంటే దగ్గర దారి లేదు. కాబట్టి 10 నానోసెకన్లకి ముందు అవతల ఏమీ చేరే అవకాశమే లేదు. సరిగ్గా 10 నానోసెకన్ల దగ్గర ఒక అతి సన్నటి అలజడి మొదలవుతుంది. స్విచ్ ఒక్కసారిగా వేయడంవల్ల పుట్టిన చాలా ఎక్కువ పౌనఃపున్యాల అలజడి అది. ఎందుకంటే పౌనఃపున్యం పెరిగేకొద్దీ వెడల్పు వైపు ఖర్చు లెక్కలోకి రానంత చిన్నదైపోయి, తరంగం దాదాపు తిన్నగా, కాంతి వేగంతో పోతుంది. అసలు బలం మాత్రం 13 నానోసెకన్లు దాటాక అందుకుంటుంది.

సాపేక్ష సిద్ధాంతం కట్టడి పెట్టేది ఈ మొదటి అంచుకే. ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్, లియోన్ బ్రిలువాఁ అనే శాస్త్రవేత్తలు 1914లో, కాంతిని పీల్చుకునే పదార్థాల విషయంలో ఇదే ప్రశ్నని పూర్తిగా లెక్క కట్టి, తరంగపు ముందు అంచు శూన్యంలోని కాంతి వేగాన్ని ఎన్నడూ దాటదని చూపించారు. ఆ అవసరం ఎందుకొచ్చిందంటే, అలాంటి పదార్థాల్లో కొన్ని పౌనఃపున్యాల దగ్గర సమూహ వేగం కూడా కాంతి వేగాన్ని మించిన అంకె ఇస్తుంది. అక్కడ తునక రూపమే మారిపోతుంది, ముందు భాగం నిలిచి వెనక భాగం పీల్చబడుతుంది, దాంతో శిఖరం ముందుకు జరిగినట్టు కనబడుతుంది. కాబట్టి "సమూహ వేగమే ఎల్లప్పుడూ కబురు వేగం" అని కంఠస్థం చేయకండి. మంచి లోహపు గొట్టంలో, సన్నటి పౌనఃపున్య పట్టీలో ఆ మాట నిజం. ఎక్కడైనా నిజమయ్యేది ముందు అంచు మాట.

సాపేక్ష సిద్ధాంతమే ఈ వేగాన్ని కోరుతుంది

పెళ్ళి పందిట్లో సీరియల్ లైట్లు చూశారు కదా. వెలుగు ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తినట్టు ఉంటుంది. నిజానికి ఒక బల్బు తన పక్క బల్బుకి ఏమీ అందించదు. ప్రతి బల్బూ తనకి పెట్టిన వేళకి తాను వెలుగుతుంది. ఆ వేళల మధ్య తేడా తగ్గిస్తే "పరుగు" ఎంత వేగమైనా అవుతుంది, తేడా సున్నా చేస్తే అన్నీ ఒకేసారి వెలుగుతాయి.

గొట్టంలోనూ అలాంటి పరిస్థితి ఒకటి ఉంది. కట్-ఆఫ్ దగ్గర, అంటే 6.557 గిగాహెర్ట్జ్ దగ్గర, తరంగం గోడ నుంచి గోడకి అడ్డంగా ఊగుతుందే తప్ప ముందుకు పోదు. గొట్టం పొడవునా క్షేత్రం ఒకేసారి లేస్తుంది, ఒకేసారి పడుతుంది. సమూహ వేగం సున్నా, దశా వేగం అనంతం. ఇక్కడ ఏదీ ప్రయాణించడం లేదని ఎవరైనా ఒప్పుకుంటారు.

ఇప్పుడు మన 10 గిగాహెర్ట్జ్ తరంగం పక్కనే, గొట్టం వెంబడి కాంతి వేగంలో 0.755 వంతు వేగంతో ఒక మనిషి పరిగెత్తుతున్నాడని ఊహించండి. అంటే సమూహ వేగంతోనే పరిగెత్తుతున్నాడు. సాపేక్ష సిద్ధాంతపు సూత్రాలతో లెక్క కడితే అతనికి ఆ తరంగం 6.557 గిగాహెర్ట్జ్‌తో, గొట్టం పొడవునా ఒకేసారి ఊగుతూ కనిపిస్తుంది. సరిగ్గా కట్-ఆఫ్ స్థితి! అతని దృష్టిలో శృంగం ఎక్కడికీ పోవడం లేదు, అన్ని చోట్లా ఒకేసారి లేస్తోంది.

అతనికి "ఒకేసారి" అయినది గొట్టం దగ్గర నిలబడ్డ మనకి "ఒకేసారి" కాదు. దూరంగా ఉన్న రెండు చోట్ల జరిగే సంగతుల ఏకకాలత చూసేవాడి చలనాన్ని బట్టి మారుతుందని ఐన్‌స్టీన్ 1905లోనే చెప్పాడు. అందుకే మనకి ఈ చోట కాస్త ముందు, ఆ చోట కాస్త తర్వాత శృంగం లేచినట్టు, అంటే సీరియల్ లైట్లలా పరిగెత్తినట్టు కనిపిస్తుంది. ఆ పరుగు వేగం లెక్క కడితే కాంతికి 1.32 రెట్లు వస్తుంది. చూశారా, ఈ అంకె సాపేక్ష సిద్ధాంతాన్ని ఉల్లంఘించడం అటుంచి, ఆ సిద్ధాంతం నుంచే పుట్టుకొస్తోంది.

ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి

కట్-ఆఫ్‌కి దగ్గరగా వెళ్ళేకొద్దీ రెండు వేగాలూ విపరీతంగా విడిపోతాయి. ఇదే గొట్టంలో 12 గిగాహెర్ట్జ్ దగ్గర దశా వేగం కాంతికి 1.19 రెట్లు, సమూహ వేగం 0.84 వంతు. 8 దగ్గర 1.75 రెట్లు, 0.57 వంతు. 6.6 దగ్గర దశా వేగం దాదాపు 8.8 రెట్లు, సమూహ వేగం 0.11 వంతు మాత్రమే. అక్కడ పౌనఃపున్యంలో చిన్న తేడాకే సమూహ వేగం బాగా మారిపోతుంది. తునకలోని పౌనఃపున్యాలు తలో వేగంతో పోయి, అవతల చేరేసరికి తునక చెదిరి సాగిపోతుంది. అప్పుడు "ఈ తునక వేగం ఇంత" అని ఒకే అంకె చెప్పడం కుదరదు. ఈ గొట్టాన్ని 8.2 నుంచి 12.4 గిగాహెర్ట్జ్ వరకే వాడతారు; కింది హద్దు కట్-ఆఫ్‌కి అంత ఎడంగా ఉండడానికి ఇదొక కారణం.

ప్రయోగశాలలో సాధారణంగా జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, రెండు కనిష్ఠాల మధ్య దూరాన్ని పూర్తి తరంగదైర్ఘ్యం అనుకోవడం. అప్పుడు 19.87 మి.మీ. వస్తుంది, అది బయటి తరంగదైర్ఘ్యం 29.98 కంటే తక్కువ. గాలి నిండిన గొట్టంలో తరంగం సాగాలే గానీ కుదించుకోకూడదు కాబట్టి తప్పు జరిగిందని వెంటనే పట్టుకోవచ్చు. రెండోది, కాంతి వేగాన్ని గొట్టంలోని తరంగదైర్ఘ్యంతో భాగించి పౌనఃపున్యం తేల్చడం. అలా చేస్తే 10 గిగాహెర్ట్జ్‌కి బదులు 7.55 వస్తుంది. బెంచి మీద ఉన్న పౌనఃపున్య మీటరు తిప్పుతూ, కరెంటు ఒక్కసారి తగ్గే చోట అంకె చదివితే ఆ తప్పు బయటపడుతుంది. ముందు పైథాగరస్ సూత్రంతో λ0 తేల్చి, ఆ తర్వాతే పౌనఃపున్యానికి వెళ్ళాలి.

రికార్డు పుస్తకంలో ఇలా రాస్తే సరిపోతుంది: గొట్టంలో తరంగదైర్ఘ్యం 39.7 మి.మీ. దశా వేగం సెకనుకు 39.7 కోట్ల మీటర్లు, ఇది శృంగాల నమూనా జరిగే వేగం. సమూహ వేగం సెకనుకు 22.6 కోట్ల మీటర్లు, శక్తీ కబురూ పోయే వేగం ఇది. రెండింటి లబ్ధం కాంతి వేగపు వర్గానికి సమానం. మౌఖిక పరీక్షలో "కాంతిని మించింది కదా?" అని అడిగితే "మించింది నమూనా, కబురు కాదండీ" అని చెప్పి, మూడు మీటర్ల గొట్టం లెక్క వేసి చూపించండి.